చొక్కా రంగు మార్చే వీడియో: ఒక స్క్రిప్టు మూడుసార్లు రాసిన కథ

మా బావకి గాజువాకలో రెడీమేడ్ చొక్కాల కొట్టు ఉంది. ఒకే రకం చొక్కా ఏడెనిమిది రంగుల్లో దిగుతుంది. సరుకు రాగానే కొట్టులో కుర్రాడికి ఒక్కో రంగూ తొడిగి, ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి ఫోటోలు తీసి, పాత ఖాతాదారులకి వాట్సాప్‌లో పంపడం అలవాటు. ఎనిమిది రంగులంటే ఎనిమిదిసార్లు చొక్కా మార్చాలి. ఈలోపు ఎండ మారిపోతుంది, ఫోటోకీ ఫోటోకీ పొంతన ఉండదు. "ఒక్క ఫోటో తీస్తే మిగతా రంగులు కంప్యూటర్లో మార్చుకునేలా మావాళ్ళకి నేర్పించవా?" అని అడిగాడు.

నేను తెలుగులో కంప్యూటర్ పాఠాల వీడియోలకి స్క్రిప్టులు రాస్తాను. కొట్టులో ఉన్నది పాత ల్యాప్‌టాప్, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే ఉద్దేశం లేదు. అందుకే ఫోటోపీ ఎంచుకున్నాను. ఇవాన్ కుట్స్కిర్ అనే ప్రోగ్రామర్ 2013లో విడుదల చేసిన ఎడిటర్ ఇది. బ్రౌజర్లో photopea.com అని కొడితే తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. ప్రకటనలు కనిపిస్తాయి గానీ ఉచితం. ఫోటో మన కంప్యూటర్లోనే ఉంటుంది, ఎక్కడికో అప్‌లోడ్ అవదు. మనుషుల ఫోటోలతో పని కాబట్టి ఈ మాట స్క్రిప్టులో మొదటి నిమిషంలోనే చెప్పాను.

చిన్న పాఠమే కదా, ఒక పూటలో అయిపోతుందనుకున్నాను. మూడుసార్లు రాయాల్సి వచ్చింది. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి వీడియో చేయబోయేవాళ్ళకి నా చివరి స్క్రిప్టు కంటే ఆ తప్పులే ఎక్కువ పనికొస్తాయి.

మొదటి స్క్రిప్టు: ఆకుపచ్చ సముద్రం

మొదటి స్క్రిప్టుకి నేను వాడిన ఫోటోలో ఒకతను లేత నీలం చొక్కా వేసుకుని మీగడ రంగు గోడ ముందు నిలబడి ఉన్నాడు. పద్ధతి చాలా చిన్నది. `Layer` మెనూలో `New Adjustment Layer`, అందులో `Hue/Saturation` తెరవాలి. పైన `Master` అని ఉన్నచోట `Blues` ఎంచుకోవాలి. `Hue` స్లైడర్ జరపాలి. చొక్కా ఆకుపచ్చ అయింది, రెండోవైపుకి జరిపితే వంకాయ రంగు అయింది. ముఖం, గోడ కదల్లేదు. వీడియో మొత్తం నాలుగు నిమిషాలు. నాకు భలే ముచ్చటేసింది.

బావ కొట్టులో కుర్రాడికి ఆ వీడియో చూపించి, తన ఫోటోతో చేయమన్నాను. తన ఫోటో అంటే బీచ్‌లో తీసిందే: లేత నీలం చొక్కా, వెనకాల బంగాళాఖాతం, పైన ఆకాశం. స్లైడర్ జరపగానే చొక్కాతో పాటు సముద్రం, ఆకాశం కూడా చిలకాకుపచ్చ అయిపోయాయి. "సార్, ఏటిది, సముద్రం కూడా మారిపోనాది?" అన్నాడు.

కారణం ఆ పద్ధతిలోనే ఉంది. `Blues` అంటే "చొక్కా" అని కాదు, "ఫోటోలో నీలం ఎక్కడుంటే అక్కడ" అని. చొక్కా ఏదో, సముద్రం ఏదో ఎడిటర్‌కి తెలియదు. దానికి తెలిసేవి చుక్కలూ వాటి రంగులూ మాత్రమే. నా ఫోటోలో చొక్కా ఒక్కటే నీలం కాబట్టి పని జరిగింది. అంటే నేను నేర్పింది చొక్కా రంగు మార్చడం కాదు, ఆ ఒక్క ఫోటోలో రంగు మార్చడం. ఎర్ర చొక్కాకి ఇదే పద్ధతి వాడితే ఇంకా ఘోరం. మన చర్మం రంగులో, పెదవుల్లో ఎరుపు ఉంటుంది కాబట్టి `Reds` జరిపితే మనిషి ముఖమే రంగు మారుతుంది.

స్క్రిప్టు రాసేవాళ్ళకి ఒక మాట. నమూనా ఫోటో మనకి అనుకూలంగా ఉండేది కాకుండా చూసేవాళ్ళ దగ్గర ఉండేలాంటిది ఎంచుకోవాలి. విశాఖలో ఫోటో అంటే వెనకాల సముద్రం ఉంటుందని నాకు తట్టకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రెండో స్క్రిప్టు: తెల్ల చొక్కా కదల్లేదు

ఈసారి ముందు చొక్కాని వేరుచేయడం నేర్పాను. దాన్ని సెలెక్షన్ అంటాం. ఎడమవైపు పనిముట్ల వరసలో `Quick Selection` తీసుకుని, మౌస్ నొక్కిపట్టి చొక్కా మీద మెల్లగా రాస్తూ పోతే, చీమల బారులాంటి గీత చొక్కా అంచు పట్టుకుంటుంది. పొరపాటున చేతిమీదకి పోతే ఆల్ట్ నొక్కిపట్టి అక్కడ రాస్తే వెనక్కి వస్తుంది. ఆ గీత ఉండగానే `Hue/Saturation` లేయర్ వేస్తే, దాని ప్రభావం చొక్కా వరకే ఉండేలా పక్కన ఒక నలుపు తెలుపు ముసుగు తయారవుతుంది. దాన్నే మాస్క్ అంటాం. ముసుగులో తెల్లగా ఉన్నచోట రంగు మారుతుంది, నల్లగా ఉన్నచోట మారదు.

సముద్రం సమస్య తీరింది. కుర్రాడు లేత నీలం చొక్కాని లేత గులాబీ చేశాడు, చాలా బాగుంది. మర్నాడు ఫోన్ చేశాడు. "సార్, తెల్ల చొక్కా ఫోటో పెట్టాను. స్లైడర్ ఆ కొస నుంచి ఈ కొసకి లాగినా ఏటీ అవట్లేదు. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయిందంటారా?"

ల్యాప్‌టాప్ బాగానే ఉంది. `Hue` అనేది రంగుల చక్రం మీద ఉన్న రంగుని తిప్పుతుంది. చక్రం 360 డిగ్రీలు. లేత నీలం దాదాపు 210 దగ్గర ఉంటుంది, 90 వెనక్కి తిప్పితే 120 దగ్గరున్న ఆకుపచ్చకి వస్తుంది. కానీ తెలుపు, బూడిద, నలుపు ఆ చక్రం మీద ఎక్కడా ఉండవు. వాటిలో తిప్పడానికి రంగే లేదు. ఎంత తిప్పినా సున్నా సున్నాగానే ఉంటుంది.

అక్కడ `Colorize` అనే గడి ఉంది, దాన్ని టిక్ చేయమన్నాను. టిక్ చేసి `Saturation`, అంటే రంగు చిక్కదనం, ఎంత పెంచినా చొక్కా మీద ఏదో గులాబీ నీళ్ళు చిలికినట్టు తప్ప రంగు ఎక్కలేదు. `Colorize` వెలుగుని అలాగే ఉంచి రంగు మాత్రమే కలుపుతుంది. తెల్లబట్ట వెలుగు దాదాపు పూర్తిగా ఉంటుంది. అంత వెలుగులో మెరూన్ అనే రంగు ఉండనే ఉండదు, లేత గులాబీ మాత్రమే ఉంటుంది. రంగు ముదరాలంటే వెలుగు తగ్గాలి. సరేనని `Lightness` తగ్గిస్తే చొక్కా అంతా మసిబారింది. ఇక్కడ నాకు సరైన మాట చెప్పింది మా పిన్ని.

పిన్ని కంచరపాలెంలో ఉంటుంది, బ్లౌజులు కుడుతుంది. చీరకి సరిపోయే లైనింగ్ బట్ట దొరకనప్పుడు రంగు వేయించడం ఆవిడకి మామూలే. నేను తెల్ల చొక్కా సంగతి, నీలం చొక్కా సంగతి చెబుతుంటే, "నీలం బట్టని పసుపు రంగులో ముంచితే పసుపు వస్తుందేంట్రా, పచ్చ వస్తుంది గానీ! ముందు చలువ చేయాలి. చలువ చేసిన బట్ట మీదే ఏ రంగైనా పడుతుంది. నువ్వు తెల్లబట్టని కష్టమంటున్నావు, అదే సుళువు" అంది.

నేను తలకిందులుగా ఆలోచిస్తున్నానని అప్పుడు అర్థమైంది. రంగు బట్టని మామూలు సంగతిగా, తెల్లబట్టని మినహాయింపుగా చూస్తున్నాను. అద్దకం పనిలో తెల్లబట్టే మొదలు. ఎడిటర్లో కూడా అలాగే చేస్తే, ఏ చొక్కాకైనా ఒకే పద్ధతి సరిపోతుంది: ముందు చలువ, తర్వాత అద్దకం.

మల్టిప్లై ఏం చేస్తుంది

అద్దకానికి ఎడిటర్లో సరైన పనిముట్టు `Multiply` అనే మిశ్రమ పద్ధతి. చొక్కా మీద ఒక రంగు పొర వేసి, ఆ పొరని `Normal` నుంచి `Multiply`కి మారిస్తే, కింద ఉన్న ముడతలు రంగులోంచి కనిపిస్తాయి. ఎందుకు కనిపిస్తాయో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. ఇది వీడియోలో చెప్పలేదు, స్క్రిప్టు రాసేవాళ్ళకి తెలిసి ఉండాలి.

తెరమీద ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, 0 నుంచి 255 వరకు. మల్టిప్లై పైపొర అంకెనీ కింది అంకెనీ గుణించి 255తో భాగిస్తుంది. మెరూన్‌కి 128, 0, 32 తీసుకుందాం. తెల్ల చొక్కాలో వెలుగు పడిన చోట మూడూ 240 అనుకుంటే, ఎరుపు 120, ఆకుపచ్చ 0, నీలం 30 వస్తాయి. ముడత నీడలో మూడూ 150 ఉంటే, వరసగా 75, 0, 19 వస్తాయి. రెండు చోట్లా అదే మెరూన్, ఒకటి వెలుగులో, ఒకటి నీడలో. ముడత పోలేదు.

ఇప్పుడు పిన్ని మాట పరీక్షిద్దాం. లేత నీలం చొక్కా అంకెలు 150, 190, 225. దాని మీద మామిడిపండు పసుపు అద్దాం: 255, 200, 0. వచ్చేది 150, 149, 0. అది పసుపు కాదు, ఆలివ్ పచ్చ. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

అందుకే చలువ. ముందు `Hue/Saturation`లో `Saturation` −100కి దించితే నీలం పోయి బూడిద మిగులుతుంది, దాదాపు 188. దీని మీద పసుపు అద్దితే 188, 147, 0 వస్తుంది. పసుపే గానీ ముతక ఆవపిండి రంగు, ఎందుకంటే బట్ట ఇంకా తెల్లబడలేదు. చలువలో రెండో భాగం `Levels`. అక్కడ వెలుగుల గ్రాఫ్ కింద కుడి కొసన ఉన్న తెల్ల పిడిని 255 నుంచి 210 దాకా లోపలికి జరిపితే 188 కాస్తా 228 అవుతుంది. ఇప్పుడు పసుపు 228, 179, 0. చక్కని మామిడిపండు. నీడలు కూడా కొంచెం పైకి వస్తాయి గానీ, నలుపు నలుపుగానే ఉంటుంది. `Lightness` పెంచితే అలా కాదు, అది నీడలో కూడా తెల్లరంగు కలిపేస్తుంది. చొక్కా పొగమంచులో ఉన్నట్టు తయారవుతుంది.

మూడో స్క్రిప్టు

చలువకి రెండు లేయర్లు, అద్దకానికి ఒకటి. మూడింటికీ మూడు ముసుగులు వేయిస్తే నేర్చుకునేవాడు తికమకపడతాడు. అంచులో తప్పు దిద్దాలంటే మూడుచోట్లా దిద్దాలి. అందుకే ముసుగుని ఒక ఫోల్డర్‌కి వేసి, మూడు లేయర్లనీ అందులో పెట్టించాను. ఒక ఇంటికి ఒకే తలుపు. ముసుగు ఒక్కసారి బాగుచేస్తే మూడూ బాగుపడతాయి.

రికార్డింగ్‌లో చదివిన మాటలు ఇవే, కొంచెం కుదించి రాస్తున్నాను.

"ఫోటో తెరవండి. పైన ఎడమ మూలన `File`, అందులో `Open`. ఫోటో వచ్చింది కదా. ఏమీ చేయకముందే `File`లో `Save as PSD` నొక్కండి. ఇది మీ పని దాచుకునే ఫైలు. ప్రతి దశ తర్వాత మళ్ళీ దాస్తాం.

"ఎడమవైపు వరసలో `Quick Selection` తీసుకోండి. దొరకకపోతే అదే చోట ఉన్న గుర్తుని కాసేపు నొక్కిపట్టండి, లోపల దాగి ఉంటుంది. ఇప్పుడు చొక్కా మీద రాయండి. తొందర లేదు. కాలర్, రెండు చేతులు, కింద అంచు. ముందు ఎక్కువ పట్టుకున్నా ఫరవాలేదు, ఆల్ట్ పట్టుకుని రాస్తే ఎక్కువైంది పోతుంది. మీ పని అయ్యేదాకా వీడియో ఆపుకోండి.

"కుడివైపు లేయర్ల జాబితా అడుగున చిన్న గుర్తుల వరస ఉంది. అందులో ఫోల్డర్ బొమ్మ నొక్కండి. ఖాళీ ఫోల్డర్ వచ్చింది. అది ఎంచుకుని ఉండగానే, అదే వరసలో మాస్క్ గుర్తు, అంటే చతురస్రంలో గుండ్రం ఉన్న బొమ్మ నొక్కండి. ఫోల్డర్ పక్కన మీ చొక్కా ఆకారం తెల్లగా, మిగతాది నల్లగా కనిపించాలి. అలా కనిపిస్తేనే ముందుకి వెళ్ళండి. చీమల గీత ఇంకా ఉంటే కంట్రోల్ పట్టుకుని `D` నొక్కండి, పోతుంది.

"ఇప్పుడు చలువ. అదే వరసలో సగం నలుపు సగం తెలుపు ఉన్న గుండ్రని గుర్తు నొక్కి `Hue/Saturation` ఎంచుకోండి. `Saturation` పూర్తిగా ఎడమకి లాగండి. చొక్కా బూడిద రంగులోకి రావాలి, సముద్రం నీలంగానే ఉండాలి. మొత్తం ఫోటో బూడిద అయితే మీ లేయర్ ఫోల్డర్ బయట పడిందన్నమాట. దాన్ని మౌస్‌తో పట్టుకుని ఫోల్డర్ మీద వదలండి. మళ్ళీ అదే గుండ్రని గుర్తు, ఈసారి `Levels`. కుడి కొసన ఉన్న తెల్ల పిడిని మెల్లగా లోపలికి లాగండి. చొక్కా తెల్లబడుతుంది. ముడతలు మాయమవడం మొదలైతే కొంచెం వెనక్కి జరపండి.

"ఇక అద్దకం. మళ్ళీ అదే గుర్తు, ఇప్పుడు `Color Fill`. రంగు ఎంచుకోండి. చొక్కా అట్టముక్కలా కనిపిస్తుంది, కంగారు పడకండి. లేయర్ల జాబితా పైన `Normal` అని ఉంది కదా, దాన్ని `Multiply` చేయండి."

ఆ చివరి వాక్యం దగ్గర రికార్డింగ్‌లో మూడు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఆగాను. చదునుగా ఉన్న రంగులోంచి ముడతలు, బొత్తాలు, జేబు పైకి తేలే క్షణం అది. చూసేవాళ్ళు దాన్ని చూడాలి, నా గొంతు వినక్కర్లేదు.

ఈ స్క్రిప్టులో "ఇక్కడ నొక్కండి" అనే మాట ఒక్కటి కూడా లేదు. మొదటి రెండింటిలో అదే ఎక్కువ. మా కుర్రాళ్ళు వీడియో ఫోన్లో చూస్తూ పని ల్యాప్‌టాప్‌లో చేస్తారు. ఫోన్ తెరమీద నా మౌస్ బాణం ఆవగింజంత కనబడుతుంది. అందుకే ప్రతి గుర్తుకీ చోటు చెప్పి, ఆకారం చెప్పి, తర్వాతే పేరు చెప్పాను. పేర్లు మాత్రం తెరమీద ఎలా ఉంటే అలాగే చదివాను. "రంగు పూత" అని తెలుగు చేస్తే వినడానికి బాగుంటుంది గానీ వాళ్ళు వెతకాల్సింది `Color Fill` అనే అక్షరాలని.

ప్రతి దశలోనూ "ఇలా కనిపించాలి, అలా కనిపిస్తే ఇది తప్పు" అని చెప్పడం కూడా ఈసారే చేర్చాను. నిడివి పెరిగి తొమ్మిది నిమిషాలైంది. నాలుగు నిమిషాల వీడియో చూసి అరగంట ఫోన్లో నన్ను అడిగిన కుర్రాడు, ఈ తొమ్మిది నిమిషాలది చూసి ఒక్కసారే ఫోన్ చేశాడు.

ఆ ఒక్క ఫోనూ బాధాకరమైనదే. ముసుగంతా దిద్ది, రంగు కూడా వేశాక, ఫోటో మూసేద్దామని కంట్రోల్‌తో `W` నొక్కాడట. ఎడిటర్లో ఫోటోకి బదులు బ్రౌజర్ ట్యాబే మూసుకుపోయింది. మామూలు ట్యాబ్‌లో `W`, `T`, `N` లాంటి కొన్ని కీలని బ్రౌజర్ తన దగ్గరే ఉంచుకుంటుంది, లోపలి పేజీకి ఇవ్వదు. దాచుకోవడం గురించి మొదట్లో చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు. తర్వాత ఒక వాక్యం కలిపి మళ్ళీ రికార్డు చేశాను: "కంట్రోల్ `W` నొక్కకండి, ట్యాబ్ మూసుకుపోతుంది, దాచని పని పోతుంది."

అంచులు, బొత్తాలు, గడ్డం కింద నీలం

రంగు సరిగ్గా పడినా ఫోటో నకిలీలా కనిపించడానికి మూడు చోట్లు కారణమవుతాయి. వాటిని వీడియో రెండో సగంలో పెట్టాను.

మొదటిది అంచు. మెరూన్ చొక్కా చుట్టూ సన్నని లేత నీలం దారం కనిపిస్తే, సెలెక్షన్ చొక్కా అంచు కంటే లోపలికి ఆగిందన్నమాట. ఫోల్డర్ పక్కన ఉన్న ముసుగు మీద క్లిక్ చేసి, చిన్న మెత్తటి బ్రష్‌తో తెలుపు రాస్తే దారం పోతుంది. మెడమీద రంగు అంటితే నలుపు రాయాలి. `X` నొక్కితే తెలుపు నలుపు మారుతుంటాయి. ముసుగు మీద కాకుండా వేరే చోట క్లిక్ అయి ఉంటే తెల్ల సున్నం ఫోటో మీదే పడుతుంది. ఇది అందరూ చేసే తప్పు కాబట్టి వీడియోలో కావాలని ఒకసారి చేసి, కంట్రోల్ `Z`తో వెనక్కి తెచ్చి చూపించాను.

రెండోది బొత్తాలు. అసలు మెరూన్ చొక్కాకి తెల్ల బొత్తాలుంటే ఫోటోలో కూడా తెల్లగానే ఉండాలి కదా. మల్టిప్లై వాటికీ రంగు పూసేస్తుంది. ముసుగులో ఒక్కో బొత్తం మీదా నల్ల చుక్క పెడితే చాలు. మెడ వెనక లేబుల్‌కీ అంతే. బావ ఫోటో చూడగానే ముందు బొత్తాలే చూశాడు, ఆయన కన్ను అలాంటిది.

మూడోది నాకూ మొదట తట్టలేదు. ఎండలో నీలం చొక్కా వేసుకున్నవాడి గడ్డం కింద, మెడమీద బట్ట నుంచి నీలం వెలుగు పడుతుంది. చొక్కా పసుపు చేశాక ఆ నీలం అక్కడే మిగిలి, ఎవరో తల అతికించినట్టు ఉంటుంది. దాన్ని దిద్దడం కొత్తవాళ్ళ పని కాదు. సులువైన మార్గం అసలు ఫోటోనే తెల్ల చొక్కాతో తీయడం. అప్పుడు చర్మం మీద పడే వెలుగుకి ఏ రంగూ ఉండదు, చలువలో మొదటి దశ కూడా దాదాపు అక్కర్లేదు. పిన్ని అన్నట్టు తెల్లబట్టే సుళువు.

కానీ తెల్ల చొక్కాని బీచ్‌లో మిట్టమధ్యాహ్నం తీయకూడదు. ఎండ నేరుగా పడినచోట మూడు అంకెలూ 255కి తగిలిపోతాయి. అక్కడ ముడత సమాచారమే ఉండదు, కాబట్టి ఎంత మంచి రంగు అద్దినా భుజం మీద గోడకి వేసిన పెయింటులా చదునుగా ఉంటుంది. సరిచూడటానికి రంగు పీల్చే డ్రాపర్ పనిముట్టుతో భుజం మీద రెండు మూడు చోట్ల క్లిక్ చేసి అంకెలు చూడాలి. అన్నిచోట్లా 255 అని వస్తే ఆ ఫోటో వదిలేయాలి. మావాళ్ళు ఇప్పుడు పొద్దున్నే ఏడింటికి, లేదా మబ్బు పట్టినప్పుడు తీస్తున్నారు.

నల్ల చొక్కాని వీడియోలో చేర్చలేదు. చేర్చమని బావ అడిగాడు, నేనే వద్దన్నాను. నల్లబట్టలో చాలా చుక్కలు 10కీ 35కీ మధ్య ఉంటాయి. ముడతకీ ముడతకీ తేడా అంతా ఆ పాతిక మెట్లలోనే. `Levels`తో దాన్ని తెల్లబట్ట దాకా లాగితే ఆ కొద్ది తేడాలూ సాగిపోయి, ఫోన్ కెమెరా గరుకు, జేపీజీ గళ్ళు అన్నీ పైకి తేలతాయి. నలుపుని ముదురు నీలమో ముదురు మెరూనో చేయవచ్చు గానీ పసుపు చేయలేం. చలువకి లొంగని బట్ట అది. తెల్ల చొక్కాని నలుపు చేయడం మాత్రం తేలికే, బాగా ముదురు బూడిద అద్దితే సరిపోతుంది. పూర్తి నలుపు అద్దితే ముడతలన్నీ సున్నా అయిపోతాయి, 40, 40, 42 లాంటిది వాడాలి.

కొట్టులో సరిచూసినప్పుడు

ఎనిమిది రంగులూ తయారయ్యాక ల్యాప్‌టాప్ కొట్టుకి తీసుకెళ్ళి అసలు చొక్కాలు పక్కన పెట్టి చూశాం. ఆరు దగ్గరగా వచ్చాయి. నేరేడు రంగు, రామచిలక పచ్చ తేడాగా ఉన్నాయి. ట్యూబ్‌లైట్ కింద చూసినది వేరు, బయట గుమ్మం దగ్గర పగటి వెలుగులో చూసినది వేరు. చొక్కాని గుమ్మం దగ్గరికి తెచ్చి, `Color Fill` పెట్టె మీద రెండుసార్లు క్లిక్ చేసి, బట్టనీ తెరనీ మార్చిమార్చి చూస్తూ రంగు సరిచేశాం. నేరేడు కుదిరింది. రామచిలక పచ్చ పూర్తిగా కుదరలేదు. ఆ బట్టలో ఉన్న మెరుపు ఆ ల్యాప్‌టాప్ తెర చూపించలేకపోయింది.

నేను బావతో ఒక విషయంలో పట్టుబట్టాను. కొట్టులో నిజంగా ఉన్న రంగులు మాత్రమే తయారుచేయాలి, రామచిలక పచ్చకి మాత్రం అసలు ఫోటోనే పంపాలి. చొక్కా ఇంటికెళ్ళాక వేరే రంగులా కనిపిస్తే తిరిగి తెచ్చేది ఆయన కొట్టుకే. ఆయన ఒప్పుకున్నాడు. ఎనిమిది రంగుల అంకెలూ ఒక కాగితం మీద రాసి గల్లాపెట్టె పక్కన అంటించాడు. కొత్త ఫోటో వచ్చినప్పుడు కుర్రాడు మళ్ళీ కళ్ళతో రంగు వెతకకుండా ఆ అంకెలే కొడుతున్నాడు. అయితే `Levels` దగ్గర చొక్కా ప్రతిసారీ అంతే తెల్లబడాలి, లేకపోతే అవే అంకెలకి వేరే రంగు వస్తుంది. అందుకని భుజం మీద వెలుగు పడిన ఒక చోట డ్రాపర్ పెట్టి, 230కి అటూఇటూ వచ్చేదాకా పిడి జరపమని ఆ కాగితం అడుగున పెన్నుతో రాసి వచ్చాను.